తప్పు ఆప్షన్లు కొట్టేస్తే కరెక్టుదే మిగులుతుందా? ఎలిమినేషన్ లెక్క, అది బోల్తా కొట్టే చోటు

గ్రూప్స్ ప్రిలిమ్స్ లాంటి పెద్ద పరీక్షకి ప్రిలిమినరీ కీ పడిందంటే చాలు, శ్రీకాకుళం ఏడు రోడ్ల కూడలి చుట్టుపక్కల టీ కొట్ల దగ్గర ఒకటే గోల. "రెండు కొట్టేసేనన్నయ్యా, మిగిలిన రెండిట్లో తప్పుది దిద్దేసేను" అని ఒకడంటాడు. పక్కోడు "నాకు రెండు కూడా మిగల్లేదురా, మూడు కొట్టేస్తే ఒకటే మిగిలింది, అదీ తప్పే" అంటాడు. మొదటోడిది అందరికీ తెలిసిన బాధే, అదృష్టం బాగోలేదు అనుకుని ఊరుకోవచ్చు. రెండోడి సంగతి అలా కాదు. వాడు గుడ్డిగా పెట్టలేదు, డౌటు కూడా పడలేదు, పద్ధతిగా ఒక్కో ఆప్షన్ కొట్టుకుంటూ వెళ్ళి నమ్మకంగా తప్పు బబుల్ నింపాడు. ఎలిమినేషన్ ఎలా పనిచేస్తుంది, ఎక్కడ మోసం చేస్తుంది అన్నది అర్థం కావాలంటే ఈ రెండోడు ఎలా పడ్డాడో చూడాలి.

ముందు మాటలు క్లియర్ చేసుకుందాం. నాలుగు ఆప్షన్లలో సరైనదాన్ని కీ అంటారు. మిగతా మూడింటినీ పేపర్ తయారుచేసేవాళ్ళు డిస్ట్రాక్టర్లు అంటారు, అంటే సగం సగం చదివినవాడిని లాగడానికి పెట్టినవి అన్నమాట. కీ ఏదో నేరుగా తెలియనప్పుడు డిస్ట్రాక్టర్లని గుర్తుపట్టి పక్కన పెట్టుకుంటూ పోవడమే ఎలిమినేషన్. ఇందులో దాగున్న ఒక షరతు ఏంటంటే, మనం కొట్టేసినవి నిజంగానే తప్పు అయ్యుండాలి. వినడానికి ఇది చెప్పక్కర్లేని మాటలా ఉంటుంది గానీ మొత్తం కథ దీని చుట్టూనే తిరుగుతుంది.

కొట్టేస్తే మార్కులు ఎక్కడ్నుంచి వస్తాయి

ఏపీపీఎస్సీ గ్రూప్స్ లెక్కే తీసుకుందాం, కరెక్టుకి 1 మార్కు, తప్పుకి మూడో వంతు కోత. మనకి సరిగ్గా తెలియని ప్రశ్నలు 36 ఉన్నాయనుకోండి (36 ఎందుకంటే లెక్క తేలిగ్గా తెగుతుంది, ఇంకేం లేదు).

ఏమీ కొట్టకుండా కళ్ళు మూసుకుని పెడితే సగటున నాలుగో వంతు తగులుతాయి, అంటే 9 రైటు, 27 తప్పు. 27లో మూడో వంతు 9 కోత. వచ్చింది 9, పోయింది 9, మిగిలింది సున్నా. మూడో వంతు కోత అనేది ఎవరో నోటికొచ్చినట్టు పెట్టింది కాదు, నాలుగు ఆప్షన్ల పేపర్లో గుడ్డి గెస్సుకి సగటున ఏమీ మిగలకూడదని లెక్క వేసి పెట్టిందే.

ఇప్పుడు ప్రతి ప్రశ్నలో ఒక తప్పు ఆప్షన్ని కచ్చితంగా కొట్టగలిగాం అనుకోండి. మూడిట్లో ఒకటి, అంటే 12 రైటు, 24 తప్పు, 8 కోత, చేతిలో 4 మార్కులు. రెండేసి కొట్టగలిగితే 18 రైటు, 18 తప్పు, 6 కోత, చేతిలో 12 మార్కులు. ఒక్క ప్రశ్నకీ పూర్తి జవాబు తెలియకుండానే 12 మార్కులు అంటే మామూలు విషయం కాదు, అర మార్కులో ఉద్యోగాలు పోయే చోట మరీను. కోచింగుల్లో దీన్ని అంత గట్టిగా చెప్పేది ఇందుకే, ఆ చెప్పడంలో తప్పేం లేదు.

టెట్, ఎప్‌సెట్ లాంటి వాటిలో అసలు మైనస్ లేదు కాబట్టి అక్కడ ఖాళీ వదిలేయడమే నష్టం, ఆ సంగతి ఇంతటితో వదిలేద్దాం. ఈ వ్యాసంలో గొడవంతా మైనస్ ఉన్న చోటే.

నిజంగా పనిచేసే చోట అది ఎలా ఉంటుంది

కొట్టేయడంలో రెండు రకాలున్నాయి. ఒకటి, ఈ ఆప్షన్ కుదరదు అని మన దగ్గర రుజువు ఉండటం. రెండోది, ఇది అయ్యుండదులే అనిపించడం. పెన్నుతో గీసే గీత రెండిటికీ ఒకలాగే ఉంటుంది, అదే తంటా.

రుజువుతో కొట్టడం అంటే అరిథ్‌మెటిక్‌లో చూడండి. 37 × 48 ఎంత? ఆప్షన్లు 1774, 1676, 1776, 1786. మొత్తం గుణించక్కర్లేదు. 7 ఎనిమిదులు 56, కాబట్టి చివర 6 రావాలి, 1774 పోయింది. తర్వాత అంకెలు కూడటం: 37 అంటే 3+7=10, అంటే 1. 48 అంటే 12, అంటే 3. గుణిస్తే 3. జవాబు అంకెలు కూడినా 3 రావాలి. 1676 కూడితే 20, అంటే 2, పోయింది. 1786 కూడితే 22, అంటే 4, అదీ పోయింది. 1776 కూడితే 21, అంటే 3. అయిపోయింది. ఇక్కడ కొట్టేసిన ప్రతిదానికీ కారణం ఉంది, ఆ కారణం ఎవరు అడిగినా మారదు. ఒక చిన్న జాగ్రత్త ఏంటంటే ఈ అంకెల కూడిక తప్పుని పట్టుకుంటుంది గానీ రైటుని రుజువు చెయ్యదు, 1767 కూడినా 21 వస్తుంది మరి.

రెండో ఉదాహరణ జతపరిచే ప్రశ్న. మన నదులు, అవి సముద్రంలో కలిసే చోట్లు:

అ. నాగావళి, ఆ. వంశధార, ఇ. చంపావతి, ఈ. గోస్తని
1. కోనాడ, 2. భీమిలి, 3. కళ్ళేపల్లి, 4. కళింగపట్నం

ఆప్షన్లు ఇలా ఉన్నాయి:
1) అ-4, ఆ-3, ఇ-1, ఈ-2
2) అ-3, ఆ-4, ఇ-2, ఈ-1
3) అ-3, ఆ-4, ఇ-1, ఈ-2
4) అ-3, ఆ-1, ఇ-4, ఈ-2

వంశధార కళింగపట్నం దగ్గర కలుస్తుందని తెలిస్తే 1, 4 పోతాయి. గోస్తని భీమిలిలో అని తెలిస్తే 2 పోతుంది. 3 మిగిలింది. చంపావతి కోనాడలో కలుస్తుందని, నాగావళి కళ్ళేపల్లి దగ్గరని తెలియకపోయినా పూర్తి మార్కు. నాలుగు జతల్లో రెండే తెలుసు, అయినా ఇది దొంగ మార్కు కాదు, ఆ రెండూ నిజంగా తెలిసినవే.

ఇందులోనే ఇంకో కిటుకు కూడా ఉంది. ఏమీ తెలియనివాడు కూడా ఆప్షన్లలో ఏ జత ఎక్కువసార్లు వచ్చిందో లెక్కపెడితే, అ-3 మూడుసార్లు, ఈ-2 మూడుసార్లు, ఆ-4, ఇ-1 రెండేసి సార్లు కనిపిస్తాయి, ఇవన్నీ ఉన్నది మూడో ఆప్షన్లోనే. ఎందుకిలా అంటే పేపర్ రాసేవాళ్ళు ముందు కీ రాసుకుని దాన్నే అక్కడక్కడ మార్చి డిస్ట్రాక్టర్లు తయారుచేస్తారు, కాబట్టి కీ ముక్కలు అన్ని ఆప్షన్లలోనూ మిగిలిపోతాయి. కాకపోతే పరీక్ష తయారుచేసేవాళ్ళకి ఇచ్చే సూచనల్లోనే ఈ లీకేజీ గురించి హెచ్చరిక ఉంటుంది, కాబట్టి తెలిసినవాడు పేపర్ రాస్తే కావాలనే తప్పు జతని మూడుసార్లు పెడతాడు. అప్పుడు లెక్కపెట్టినవాడు సరాసరి గోతిలో పడతాడు.

చేప దవడ దగ్గర మొదలయ్యే గొడవ

ఇప్పుడు ఈ ప్రశ్న చూడండి. పొందూరు ఖాదీలో పత్తిని దువ్వి శుభ్రం చెయ్యడానికి సంప్రదాయంగా వాడేది ఏది? 1) వెదురు దువ్వెన 2) చేప దవడ ఎముక 3) కొబ్బరి పీచు 4) ఇనుప తీగల బ్రష్.

మన వైపు వాళ్ళు నవ్వేస్తారు, వాలుగ చేప దవడ అని పొందూరు చుట్టుపక్కల చాలామందికి తెలుసు, ఆ దవడకుండే సన్నటి పళ్ళతోనే పత్తి దువ్వుతారు. కానీ అనంతపురం నుంచో గుంటూరు నుంచో రాస్తున్న అభ్యర్థి పెన్ను ముందు ఎక్కడికి వెళ్తుందో ఆలోచించండి. "చేప దవడా? ఖాదీకా? ఇది కామెడీకి పెట్టిన ఆప్షన్" అని మొట్టమొదట దాన్నే కొట్టేస్తాడు. తర్వాత మిగిలిన మూడిట్లో ఎంత తెలివిగా ఆలోచించినా, ఎన్ని రూల్స్ వాడినా మార్కు రాదు, ఎందుకంటే కీ అప్పటికే చెత్తబుట్టలో ఉంది.

అతని తప్పు ఏంటంటే పొందూరు తెలియకపోవడం కాదు, అన్నీ అందరికీ తెలియవు. "నేనెప్పుడూ వినలేదు" అన్నదాన్ని "ఇది తప్పు" అన్నదానితో కలిపేశాడు. వినకపోవడం అనేది మన గురించిన సమాచారం, ఆప్షన్ గురించిన సమాచారం కాదు. స్పష్టంగా తప్పు అని కొట్టేసిన వాటిలో ఈ రకంవి ఎన్ని ఉన్నాయో ఎవరి మాక్ పేపర్ వాళ్ళు తిరగేస్తే తెలుస్తుంది.

(దీనికి రివర్స్ రూల్ కూడా హాస్టళ్ళలో తిరుగుతూ ఉంటుంది, "వింతగా ఉన్నదే రైటు, ఎందుకంటే అలాంటిది ఎవడూ ఊహించి రాయలేడు" అని. పొందూరు ప్రశ్నలో అది పాసవుతుంది. పేపర్ రాసేవాడికి కాస్త ఊహ ఉంటే పాసవదు.)

సువర్ణముఖి: ఒక తెలిసిన ముక్క మూడు ఆప్షన్లని ఎలా మింగింది

ఇది కొంచెం నెమ్మదిగా చూద్దాం, అసలు సరుకు ఇక్కడే ఉంది. ప్రశ్న ఇది: కింది వాక్యాల్లో సరైనవి ఏవి?

అ. నాగావళి ఒడిశాలో పుట్టి శ్రీకాకుళం జిల్లాలో బంగాళాఖాతంలో కలుస్తుంది.
ఆ. గొట్టా బ్యారేజీని నాగావళి మీద కట్టారు.
ఇ. మడ్డువలస ప్రాజెక్టు సువర్ణముఖి మీద ఉంది.

1) అ మాత్రమే
2) అ, ఇ మాత్రమే
3) ఆ, ఇ మాత్రమే
4) అ, ఆ, ఇ

కీ 2. అ నిజం. ఆ తప్పు, హిరమండలం దగ్గరున్న గొట్టా బ్యారేజీ వంశధార మీద ఉంది. ఇ నిజం, మడ్డువలస ఉన్నది సువర్ణముఖి మీదే, అది నాగావళికి ఉపనది.

ఇప్పుడు ఇద్దరు కుర్రాళ్ళని ఊహించుకుందాం. ఒకడికి గొట్టా బ్యారేజీ ఒక్కటే తెలుసు, వాళ్ళ అమ్మమ్మగారి ఊరు హిరమండలం అటువైపు. ఆ తప్పు అని తెలుసు కాబట్టి ఆ ఉన్న ఆప్షన్లు 3, 4 కొట్టేశాడు. 1, 2 మిగిలాయి. మడ్డువలస గురించి ఏమీ తెలియదు, ఇక వదిలేస్తాడో పెడతాడో అతనిష్టం.

రెండోవాడు మొదటివాడి కన్నా ఎక్కువ చదివాడు. నదుల చాప్టర్ రెండుసార్లు తిప్పాడు. "సువర్ణముఖి అంటే శ్రీకాళహస్తి పక్కనుంచి పోయేది కదా, తిరుపతి వైపుది. మడ్డువలస ఉన్నది మన వంగర మండలంలో. ఇ స్పష్టంగా తప్పు" అని తేల్చేశాడు. ఇ ఉన్న ఆప్షన్లు ఏవి? 2, 3, 4. మూడూ ఒకే దెబ్బకి పోయాయి. మిగిలింది 1. అ, ఆ వాక్యాలు సరిగ్గా చదవను కూడా చదవలేదు, టైం మిగిలిందని సంతోషపడి తర్వాత ప్రశ్నకి వెళ్ళిపోయాడు.

అతనికి తెలిసింది అబద్ధమా అంటే కాదు. శ్రీకాళహస్తి దగ్గర ఆ పేరుతో నది ఉంది, స్వర్ణముఖి, సువర్ణముఖి అని రెండు రకాలుగానూ రాస్తారు. కానీ మన వైపు నాగావళిలో కలిసే ఉపనదికీ అదే పేరు. ఒకే పేరుతో రెండు నదులు ఉంటాయని అతని నోట్సులో లేదు. తెలిసిన నిజం నుంచి "కాబట్టి ఇది ఇంకెక్కడా ఉండదు" అని ఒక అడుగు ముందుకేశాడు, ఆ అడుగుకి మాత్రం ఆధారం లేదు.

ఇలాంటి వాక్యాల ప్రశ్నల నిర్మాణంలోనే ఒక లక్షణం ఉంది, దీన్ని చాలామంది గమనించరు. మామూలు ప్రశ్నలో ఒక తప్పు అంచనా వేస్తే ఒక ఆప్షన్ పోతుంది. ఇక్కడ ఒక వాక్యం మీద అంచనా వేస్తే ఆ వాక్యం ఉన్న ఆప్షన్లన్నీ పోతాయి. అంటే సరైన అంచనా అయితే పని మూడింతలు తొందరగా అవుతుంది, తప్పు అంచనా అయితే నష్టం కూడా అంతే తొందరగా జరుగుతుంది, పైగా చివర్లో ఒకే ఆప్షన్ మిగలడం వల్ల "నాకు జవాబు తెలుసు" అనే ఫీలింగ్ వస్తుంది. టీ కొట్టు దగ్గర రెండోడికి జరిగింది ఇదే. రెండు మిగిలినోడు కనీసం ఆగి ఆలోచిస్తాడు, ఒకటే మిగిలినోడికి ఆగాల్సిన అవసరమే కనపడదు.

అక్కడ ఒక్క సూచన మాత్రం దొరుకుతుంది. మిగిలిన ఆప్షన్ని దాని కాళ్ళ మీద నిలబెట్టి చూస్తే, "అ మాత్రమే" అంటే అ నిజం అవ్వాలి, ఆ తప్పు అవ్వాలి, ఇ తప్పు అవ్వాలి, మూడూ కావాలి. అతను చూసింది మూడోది ఒక్కటే. ఒకే వాక్యంతో ప్రశ్న తెగిపోయిందంటే ఆ ఒక్క వాక్యం మీద మొత్తం బరువు పడిందన్నమాట.

ఇలాంటి బరువు మోయలేని ముక్కలు పాత మెటీరియల్లో కూడా బోలెడుంటాయి. వంగర మండలం 2022 ఏప్రిల్ 4 దాకా శ్రీకాకుళం జిల్లాలో ఉండేది, జిల్లాల విభజనతో విజయనగరం జిల్లాలోకి వచ్చింది. పాత పుస్తకం చదివినవాడు "మడ్డువలస విజయనగరం జిల్లాలో ఉంది" అన్న వాక్యాన్ని అదే ధైర్యంతో కొట్టేస్తాడు. ఒకప్పుడు అది తప్పే మరి.

యాభై-యాభై అంటాం గానీ

మళ్ళీ మన 36 ప్రశ్నల దగ్గరికి వద్దాం. రెండేసి కొట్టేస్తే 12 మార్కులు వస్తాయన్నది, కొట్టినవన్నీ నిజంగా తప్పయితేనే. ఇప్పుడు 6 ప్రశ్నల్లో మాత్రం పొరపాటున కీనే కొట్టేశాం అనుకోండి. ఆ 6 ఎలాగూ పోయాయి. మిగిలిన 30లో సగం, 15 రైటు. మొత్తం తప్పులు 21, కోత 7. చేతిలో 8. పర్వాలేదు, ఇంకా లాభమే.

12 ప్రశ్నల్లో కీ పోతే, మిగిలిన 24లో 12 రైటు, తప్పులు 24, కోత 8, చేతిలో 4. ఇక్కడ ఆగండి. ప్రతి ప్రశ్నలో ఒక్కటే కొట్టి, అది మాత్రం కచ్చితంగా కొట్టినవాడికి కూడా సరిగ్గా 4 మార్కులే వచ్చాయి. అంటే ధైర్యంగా రెండో ఆప్షన్ కూడా కొట్టినందుకు మిగిలిందేమీ లేదు. 18 ప్రశ్నల్లో, అంటే సగంలో కీ పోతే 9 రైటు, 27 తప్పు, సున్నా. గుడ్డిగా పెట్టినా అంతే వచ్చేది.

ఇంకో చిక్కు. పై లెక్కలో రెండు మిగిలినప్పుడు సగం సగం అని వేసుకున్నాం. అది బొమ్మా బొరుసా వేసి పెడితే నిజం. మనం అలా పెట్టం కదా, ఏది బాగుంది అనిపిస్తే అది పెడతాం. మిగిలిన రెండో ఆప్షన్ ఏదో ఆషామాషీగా మిగిలింది కాదు. ప్రశ్నల్ని విశ్లేషించేవాళ్ళు ఒక డిస్ట్రాక్టర్ని నూటికి ఐదుగురు కూడా ఎంచుకోకపోతే దాన్ని పనిచెయ్యని డిస్ట్రాక్టర్ అంటారు, అది ఉన్నా లేనట్టే. మనం ముందు కొట్టేసేవి ఎక్కువగా ఈ రకంవే, అందరూ కొట్టేస్తారు వాటిని. చివరిదాకా కీ పక్కన నిలబడేది పనిచేసే డిస్ట్రాక్టర్, అంటే సగం తెలిసినవాడికి కీ కన్నా కరెక్టుగా కనిపించేలా తయారుచేసినది. కాబట్టి చివరి రెండిట్లో మన మనసు లాగే వైపే తప్పు ఉండే అవకాశం సగం కన్నా ఎక్కువ అయ్యే ప్రశ్నలూ ఉంటాయి. ఆ 6 ప్రశ్నల లెక్కలోనే, మిగిలిన 30లో 15 బదులు 9 మాత్రమే తగిలితే, 27 తప్పులు, 9 కోత, సున్నా.

అందుకని ఫలానా ప్రశ్నలో రెండు కొట్టాను కాబట్టి పెట్టడమే లాభం అన్నది సగటు మీద నిజమే అయినా, ఆ సగటు ఎవరిది అన్నది ముఖ్యం. సివిక్స్‌లో బలంగా ఉన్నవాడికి అది 12 మార్కుల లెక్క, అదే మనిషికి సైన్స్ అండ్ టెక్నాలజీలో అది సున్నా లెక్క కావచ్చు. మా విజయనగరంలో తెలిసిన తమ్ముడొకడు మాక్ పేపర్ మీద కొట్టేటప్పుడే రెండు గుర్తులు వాడతాడు, కారణం చెప్పగలిగితే అడ్డగీత, అనిపించి కొట్టేస్తే చుక్క. కీ వచ్చాక చుక్క పెట్టినవాటిలో కీ ఎన్నిసార్లు పోయిందో సబ్జెక్టుల వారీగా చూసుకుంటాడు. అతనికి పాలిటీలో చుక్కలు బాగానే పనిచేశాయి, పర్యావరణంలో మాత్రం జాతుల పేర్ల దగ్గర చుక్క పెట్టినప్పుడల్లా దెబ్బ తిన్నాడు.

"మాత్రమే" ఉంటే తప్పు అనే రూలు

"అన్నీ", "ఎప్పుడూ", "మాత్రమే", "ఏ విధంగానూ" లాంటి ఖరాఖండి మాటలున్న వాక్యం తప్పని కొట్టెయ్యమంటారు. భూగోళం, సమాజం, జీవశాస్త్రం లాంటి వాటిలో దీనికి కొంత ఆధారం ఉంది, ప్రకృతిలో మినహాయింపులు ఎక్కువ. కానీ చట్టం రాసేదే ఖరాఖండిగా. మనీ బిల్లుని లోక్‌సభలో మాత్రమే ప్రవేశపెట్టాలి, నిజం. ఆర్టికల్ 17 అంటరానితనాన్ని ఏ రూపంలోనూ పాటించకూడదని నిషేధించింది, ఇదీ నిజం, "ఏ రూపంలోనూ" అన్నది రాజ్యాంగంలో ఉన్న మాటే. పాలిటీ ప్రశ్నల్లో ఈ రూలు వాడితే రాజ్యాంగాన్నే తప్పని కొట్టేసినట్టవుతుంది.

యూపీఎస్సీ 2023లో ఏం చేసింది

వాక్యాల ప్రశ్నల్లో ఒకటి తెలిస్తే రెండు ఆప్షన్లు ఎగిరిపోతాయన్న సంగతి పేపర్ తయారుచేసేవాళ్ళకి తెలియదా? తెలుసు. 2023 సివిల్స్ ప్రిలిమ్స్ జనరల్ స్టడీస్ పేపర్లో చాలా ప్రశ్నలకి ఆప్షన్లు ఇలా వచ్చాయి: ఒకటి మాత్రమే సరైనది, రెండు మాత్రమే, మూడూ, ఏదీ కాదు. ఏ వాక్యాలు అని అడగలేదు, ఎన్ని అని అడిగారు.

మన నాగావళి ప్రశ్ననే ఇలా మార్చి చూద్దాం. గొట్టా బ్యారేజీ వంశధార మీద ఉందని తెలిసిన కుర్రాడు ఇప్పుడు "మూడూ" ఒక్కటే కొట్టగలడు, ఇంకా మూడు మిగులుతాయి. అంతకుముందు అదే జ్ఞానానికి రెండు పోయేవి. అ నిజమని కూడా తెలిస్తే "ఏదీ కాదు" పోతుంది, అప్పటికీ రెండు మిగులుతాయి. మొత్తం తేల్చాలంటే మూడు వాక్యాలూ తెలియాల్సిందే. దీన్ని మెచ్చుకునేవాళ్ళు ఇప్పుడు నిజంగా చదివినవాడికే మార్కు అంటారు. తిట్టేవాళ్ళు సగం తెలిసినవాడికీ ఏమీ తెలియనివాడికీ తేడా లేకుండా పోయిందంటారు.

ఇద్దరి మాటలోనూ బలం ఉంది గానీ, నాకు ఇందులో వింతగా అనిపించేది ఇంకొకటి. గొట్టా నాగావళి మీదుందని, మడ్డువలస సువర్ణముఖి మీద లేదని, రెండూ తప్పుగా నమ్మే కుర్రాడు ఒకడున్నాడనుకోండి. అతని లెక్కలో అ, ఆ నిజం, ఇ తప్పు, మొత్తం రెండు. "రెండు మాత్రమే" దిద్దాడు. కీ కూడా "రెండు మాత్రమే". మార్కు వచ్చేసింది! మూడు వాక్యాల్లో రెండిటి గురించి తప్పుగా తెలిసినవాడికి పూర్తి మార్కు, ఒక్క సువర్ణముఖి దగ్గరే పొరబడ్డవాడికి మైనస్. ఎలిమినేషన్‌ని ఆపబోయి ఇంకో రకం అదృష్టానికి తలుపు తీశారు.

మరి ఇది జ్ఞానమా, జూదమా

పాఠం చెప్పే మాస్టార్లలో కొందరికి ఎలిమినేషన్ పేరెత్తితేనే చిరాకు, "చదవడం మానేసి ట్రిక్కులు నేర్చుకుంటున్నారు" అంటారు. కోచింగ్ వాళ్ళు అందరికీ సగం సగమే తెలుస్తుంది, ఆ సగాన్ని మార్కుగా మార్చుకోవడం తప్పా అంటారు. పరీక్షల మీద పరిశోధన చేసినవాళ్ళు ఈ విషయంలో ఎక్కువగా రెండో వైపే ఉంటారు, సగం తెలియడం కూడా తెలియడమే, దాన్ని కొలవలేకపోవడం పరీక్ష లోపం అని. కాకపోతే వాళ్ళు ఇంకో ప్రశ్న కూడా వేశారు: సగం తెలిసినవాడికి సగం మార్కు ఇస్తే, తప్పుగా తెలిసినవాడిని ఏం చెయ్యాలి?

1950ల్లో అమెరికా మనస్తత్వవేత్త క్లైడ్ కూంబ్స్ దీనికో పద్ధతి ప్రతిపాదించాడు. అందులో జవాబు గుర్తించక్కర్లేదు, తప్పని తెలిసిన ఆప్షన్లనే కొట్టెయ్యాలి. నాలుగు ఆప్షన్ల ప్రశ్నలో నిజంగా తప్పుదాన్ని కొట్టిన ప్రతిసారీ 1 మార్కు, పొరపాటున కీని కొడితే 3 మార్కులు కోత. గుడ్డిగా కొట్టుకుంటూ పోతే ఇక్కడా సగటున సున్నాయే.

ఈ లెక్కలో మన ఇద్దరు కుర్రాళ్ళనీ కూర్చోబెడదాం. గొట్టా బ్యారేజీ ఒక్కటే తెలిసినవాడు 3, 4 కొట్టి ఆగిపోయాడు, రెండూ నిజంగా తప్పువే, 2 మార్కులు. మూడిటికి 2, ఎలాంటి గెస్సూ లేకుండా. సువర్ణముఖిని నమ్ముకున్నవాడు 2, 3, 4 కొట్టాడు, అందులో 3, 4 కి రెండు మార్కులొచ్చాయి, కీ అయిన 2ని కొట్టినందుకు మూడు పోయాయి, మొత్తం మైనస్ 1.

మన ఓఎంఆర్ షీటు మీద అదే జంట సంగతి చూడండి. రెండోవాడికి ఎలాగూ మైనస్ 0.33. మొదటివాడు వదిలేస్తే సున్నా, పెడితే 1 అయినా రావచ్చు, రెండోవాడిలాగే మైనస్ 0.33 అయినా రావచ్చు. పెట్టి తప్పాడంటే మాత్రం ఇద్దరి షీట్లలోనూ ఆ ప్రశ్నకి ఒకే బబుల్ నిండి ఉంటుంది, ఎవడికి తెలియక పోయిందో, ఎవడు తెలుసనుకుని పోగొట్టుకున్నాడో మెషీన్‌కి తెలిసే దారి లేదు. కూంబ్స్ పద్ధతి పెద్ద పోటీ పరీక్షల్లో నిలదొక్కుకోలేదు, అభ్యర్థికి అర్థమయ్యేలా చెప్పడం కష్టం, ప్రతి ఆప్షన్ మీదా విడిగా తేల్చుకోవాలి కాబట్టి టైం కూడా ఎక్కువ తింటుంది.